ఇరవై కప్పుల సుషీ అన్నానికి ఎంత వెనిగర్?

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల పండుగ వస్తుంది. హినమత్సురి అంటారు. ఆ రోజు చాలా ఇళ్లలో చిరాషి జుషి చేస్తారు. పుల్లటి అన్నాన్ని వెడల్పాటి పాత్రలో పరిచి, దాని మీద దారాల్లా తరిగిన గుడ్డు అట్టు, రొయ్యలు, తామరదుంప ముక్కలు, లేత బఠాణీ కాయలు చల్లుతారు. అన్నాన్ని ముద్దలుగా ఒత్తే పని లేదు, సముద్రపు నాచు ఆకులో చుట్టే పని లేదు. అందుకే సుషీల్లో ఇంట్లో చేసుకోవడానికి తేలికైనది ఇదేనని అందరూ అంటారు. ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. చేతి నైపుణ్యం అక్కర్లేదు, సరే. కానీ అన్నంలో పులుపు, తీపి, ఉప్పు కుదరకపోతే పైన ఎన్ని రంగులు చల్లినా దాగదు. రోజూ నలుగురికి వండే ఇంట్లో పండుగ నాడు పన్నెండు, పద్నాలుగు మందికి వండాల్సి వచ్చినప్పుడు ఈ లెక్క ఎక్కువగా దెబ్బతింటుంది.

ముందు ఒక్క కప్పు సంగతి చూద్దాం. వండిన సుషీ అన్నం ఒక కప్పుకు ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్, ఒకటిన్నర టీస్పూన్ల చక్కెర, పావు టీస్పూన్ ఉప్పు. కప్పంటే ఇక్కడ 240 మి.లీ. పట్టేది, స్పూన్లంటే తలకొట్టి కొలిచినవి. ఇళ్లలో వాడే కొలతలు దీనికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. వెనిగర్ కొంచెం తగ్గించేవాళ్లు ఉన్నారు, చక్కెర పెంచేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఈ మూడింటినీ ముందే కలిపి కరిగించి పెట్టుకున్న ద్రవాన్ని జపాన్ వాళ్లు సుషిజు అంటారు. వేడివేడి అన్నంలో కలిపేది దాన్నే.

ఒక కప్పుకు ఇంతైతే ఇరవై కప్పులకు ఎంత? చిన్నపిల్లలైనా చేసే గుణకారమిది. 20 టేబుల్‌స్పూన్ల వెనిగర్, 30 టీస్పూన్ల చక్కెర, 5 టీస్పూన్ల ఉప్పు. గుణకారంలో తప్పేమీ లేదు. తప్పు జరిగేది కప్పు దగ్గర.

వండిన అన్నాన్ని కప్పుతో కొలవడం నమ్మదగిన పని కాదు. గరిటెతో వదులుగా వేస్తే అదే కప్పులో 170 గ్రాములు పడుతుంది, కొంచెం అదిమితే 220 గ్రాముల దాకా పడుతుంది. సుషీకి వాడే పొట్టి గింజ అన్నానికి జిగురెక్కువ కాబట్టి చిన్న ఒత్తిడికే దగ్గరికి చేరిపోతుంది. ఒక కప్పులో ఈ యాభై గ్రాముల తేడా నాలుకకు తెలియదు. ఇరవై కప్పులకు అది పూర్తిగా ఒక కిలో అవుతుంది: ఒకరి ఇరవై కప్పులు 3.4 కిలోలు, మరొకరివి 4.4 కిలోలు. ఇద్దరూ ఒకే సుషిజు పోస్తే మొదటావిడ అన్నం ఘాటుగా, ఉప్పగా ఉంటుంది, రెండో ఆవిడ అన్నం చప్పగా ఉంటుంది. ఇద్దరూ వంటకం రాసినవాళ్లనే తిట్టుకుంటారు.

అందుకని గుణించే ముందే స్పూన్లను బరువులోకి మార్చుకోవాలి. కప్పు అన్నం 190 గ్రాములు అనుకుందాం, మధ్యస్థంగా నింపితే దాదాపు అంతే వస్తుంది. టేబుల్‌స్పూన్ వెనిగర్ 15 మి.లీ., ఒకటిన్నర టీస్పూన్ల చక్కెర 6 గ్రాములు, పావు టీస్పూన్ మెత్తటి ఉప్పు 1.5 గ్రాములు. అంటే అన్నం బరువులో వెనిగర్ దాదాపు 8 శాతం, చక్కెర 3 శాతం పైచిలుకు, ఉప్పు 0.8 శాతం. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే ఇక కప్పుతో పనిలేదు. త్రాసు మీద అన్నం ఎంత తూగితే దానికి అంత.

జపాన్‌లో అనుభవం ఉన్నవాళ్లు ఇంకొక మెట్టు వెనక్కి వెళ్లి, వండిన అన్నాన్ని కాకుండా బియ్యాన్నే కొలుస్తారు. పొడి బియ్యం అదిమినా పెద్దగా తగ్గదు. వాళ్ల కొలత పేరు గో. ఒక గో అంటే 180 మి.లీ., బియ్యం 150 గ్రాములు, ఉడికాక దాదాపు 330 గ్రాముల అన్నం. రైస్ కుక్కర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఈ గో కొలతే. మన ఇళ్లలో అది ఎక్కడో డబ్బా అడుగున పడి ఉంటుంది. ఈ లెక్కన ఒక గో బియ్యానికి 26 మి.లీ. వెనిగర్, పదిన్నర గ్రాముల చక్కెర, 2.6 గ్రాముల ఉప్పు.

ఇక్కడే మరో పొరపాటు పొంచి ఉంది. "కప్పు బియ్యానికి ఇంత" అని రాసిన కొలతను "కప్పు అన్నానికి ఇంత" అని చదివేస్తారు. జపాన్ వాళ్ల కుక్కర్ కప్పు 180, వాళ్లే వంటకు వాడే మామూలు కప్పు 200, అమెరికా కప్పు 240. కప్పుల తేడా వల్ల వచ్చే నష్టం కొంతే. బియ్యానికీ అన్నానికీ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది: ఒక గో బియ్యం ఉడికితే పెద్ద కప్పుతో కప్పు ముప్పావు అన్నం అవుతుంది. బియ్యానికి చెప్పిన కొలతను అన్నం కప్పులకు వేస్తే పులుపూ ఉప్పూ దాదాపు రెట్టింపు పడతాయి. వంటకం చదివేటప్పుడు "కప్పు" అన్న మాట కనిపిస్తే, అది పొయ్యి ఎక్కకముందుదా దిగిన తర్వాతదా అని ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు మన పండుగ వంటను పూర్తిగా లెక్క కడదాం. ఇరవై కప్పుల అన్నం, కప్పుకు 190 చొప్పున 3.8 కిలోలు. మనిషికి కప్పున్నర వేసుకున్నా పదమూడు మందికి సరిపోతుంది. బియ్యం ఉడికాక బరువు 2.2 రెట్లవుతుంది కాబట్టి కావలసిన బియ్యం 1.73 కిలోలు, అంటే పదకొండున్నర గో. సుషిజుకు వెనిగర్ 300 మి.లీ., చక్కెర 120 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. చక్కెర, ఉప్పు కరిగాక మొత్తం ద్రవం 385 మి.లీ. దగ్గరకు వస్తుంది. ఈ చివరి అంకె ఎందుకంటే, అంత తడి అదనంగా అన్నంలోకి వెళుతోందని గుర్తుండాలి. అందుకే సుషీ అన్నానికి ఎసరు తక్కువ పెడతారు. మామూలుగా తినే అన్నానికి బియ్యం కన్నా ఐదోవంతు ఎక్కువ నీళ్లు పోస్తే, దీనికి బియ్యం ఎంతో నీళ్లూ అంతే, లేదా పిసరంత ఎక్కువ. కుండ పెద్దదయ్యేకొద్దీ ఆవిరై పోయే నీటి వాటా తగ్గుతుంది కనుక పెద్ద వంటలో ఆ పిసరంత కూడా మానేయవచ్చు.

ఉప్పు విషయంలో స్పూన్‌ను నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. మెత్తటి ఉప్పు టీస్పూన్‌కు 6 గ్రాములు తూగుతుంది. రేకుల్లా తేలికగా ఉండే కొన్ని విదేశీ ఉప్పులు అదే స్పూన్‌కు 3 గ్రాములే. ఐదు స్పూన్లంటే ఒక ఇంట్లో 30 గ్రాములు, ఇంకో ఇంట్లో 15. ఒక కప్పు అన్నానికైతే ఎవరూ పట్టించుకోరు. నాలుగు కిలోలకు సగం ఉప్పు తక్కువైతే అన్నం తియ్యగా, వెలితిగా ఉంటుంది. అప్పుడు చాలామంది లోపం పులుపులో ఉందనుకుని ఇంకా వెనిగర్ పోస్తారు. సుషీ అన్నం ఏదో తక్కువైనట్టు అనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఉప్పునే.

వెనిగర్ సీసా మీద చదవాల్సినవి రెండున్నాయి. మొదటిది ఆమ్లత. జపాన్ బియ్యపు వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 4.2 నుంచి 4.5 శాతం ఉంటుంది. మీ చేతిలోది 5 శాతందైతే 300 మి.లీ.కి బదులు 250 మి.లీ. తీసుకుని, మిగతా 50 నీళ్లు కలిపితే పులుపు సమానమవుతుంది. మన కిరాణా కొట్లో దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్‌తోనూ పులుపు వస్తుంది కానీ ముక్కుకు కొట్టే ఘాటు తప్ప దానికి వేరే రుచి లేదు. చిన్న వంటలో చక్కెర కొంత కప్పేస్తుంది, పెద్ద పాత్ర మీదికి వంగి కలిపేటప్పుడు మాత్రం కళ్లు మండుతాయి. రెండోది, సీసా మీద సుషీ వెనిగర్ అనో, రుచి కలిపిన వెనిగర్ అనో ఉందేమో చూడాలి. అందులో చక్కెర, ఉప్పు అప్పటికే ఉంటాయి. దానికి మళ్లీ 120 గ్రాముల చక్కెర, 30 గ్రాముల ఉప్పు వేస్తే వచ్చేది పచ్చడి.

సుషిజును మరిగించకూడదు. చక్కెర, ఉప్పు కరగడానికి సన్న మంట మీద గోరువెచ్చగా చేస్తే చాలు. మరిగితే ఆవిరితో పాటు ఎసిటిక్ ఆమ్లం కూడా కొంత పోతుంది, వంటిల్లంతా పట్టేసే ఆ వాసన అదే. అంటే కొలిచి పోసిన పులుపు కొలత ప్రకారం ఉండదు. తీరిక ఉన్నవాళ్లు ముందు రోజే సీసాలో మూడూ పోసి, అప్పుడప్పుడు కుదిపి వదిలేస్తారు. తెల్లారేసరికి మంట లేకుండానే కరిగిపోతుంది.

పులుపు కలిపిన అన్నం అనగానే మనకు పులిహోర గుర్తొస్తుంది. ఆ అలవాటు ఇక్కడ ఒక చోట అడ్డం వస్తుంది. పులిహోరకు అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి, గింజ విడివిడిగా అయ్యాక చింతపండు పులుసు కలుపుతాం. సుషీ అన్నానికి కుక్కర్ ఆపి పది నిమిషాలు మగ్గనిచ్చాక, పొగలు కక్కుతుండగానే సుషిజు పోయాలి. వేడిగా ఉన్న గింజలో పిండిపదార్థం ఉబ్బి మెత్తగా ఉంటుంది, ద్రవాన్ని లోపలికి తీసుకుంటుంది. చల్లారేకొద్దీ అది బిగుసుకుంటుంది. అప్పుడు పోసిన వెనిగర్ గింజ చుట్టూ తడిగా నిలిచిపోయి, పైకి పుల్లగా, కొరికితే లోపల చప్పగా ఉంటుంది. పాత్ర వంచితే అడుగున నీళ్లు కనిపిస్తే జరిగింది ఇదే. ఇంకా సుషిజు పోసినందువల్ల అది బాగుపడదు.

కొలతలన్నీ ఇరవై రెట్లు చేయవచ్చు గానీ కలిపే చేతిని ఇరవై రెట్లు చేయలేం. నాలుగు కిలోల అన్నాన్ని ఒకేసారి ఒకే గిన్నెలో పోస్తే పైన కలిపేలోగా అడుగున వేడికీ బరువుకీ గింజలు నలిగి ముద్దవుతాయి. అసలు ఇంట్లో వాడే కుక్కర్లు చాలావరకు పది గోల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి పదకొండున్నర గోలను రెండు విడతలుగా, ఒక్కో దాంట్లో 865 గ్రాముల బియ్యం వండుకోవడం మేలు. సుషిజును ఒకేసారి కలిపి, సగం సగం పంచుకోవాలి. రెండుసార్లు విడిగా కలిపితే రెండు రుచులు వస్తాయి, ఒకే పాత్రలో పరిచాక తెలిసిపోతుంది.

జపాన్ వాళ్లు దీనికి వాడే పాత్ర హంగిరి. దేవదారు జాతి చెక్కతో చేసిన, లోతు తక్కువగా, అడుగు వెడల్పుగా ఉండే తొట్టి. వాడే ముందు నీళ్లతో తడిపి తుడుస్తారు, లేకపోతే పొడి చెక్క సుషిజును తనే తాగేస్తుంది. తడిపిన చెక్క మాత్రం అన్నంలోంచి మిగులు తడిని మెల్లగా లాగుతుంది. మన ఇంట్లో హంగిరి ఉండదు, వెడల్పాటి స్టీలు బేసిన్ చాలు. కానీ స్టీలు తడిని పీల్చుకోదు కాబట్టి ఎసరు ఇంకొంచెం తగ్గించాలి. అల్యూమినియం పాత్ర వద్దు, వెనిగర్ దాన్ని తింటుంది, అన్నానికి లోహపు రుచి అంటుకుంటుంది.

అన్నం వేసిన వెంటనే తన వాటా సుషిజులో ముప్పావు వంతు మాత్రమే, గరిటె మీద నుంచి జారేలా అంతటా పోయాలి. షమోజి అనే చదునైన చెక్క గరిటెను నిలువుగా పట్టుకుని, అన్నాన్ని కోస్తున్నట్టు గీతలు గీస్తూ, అడుగు నుంచి పైకి తిరగేయాలి. గుండ్రంగా తిప్పితే గింజ చితుకుతుంది. ఒక నిమిషం అయ్యాక రుచి చూసి మిగిలిన పావు సంగతి తేల్చుకోవాలి. అప్పటికి అన్నం వేడిగా ఉంటుంది కనుక పులుపు అసలు కన్నా ఎక్కువగా తోస్తుంది, ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. గోరువెచ్చబడ్డాక అది సగానికి దిగిపోతుంది. వేడిలో "కొంచెం ఎక్కువైంది" అనిపిస్తే సరిగ్గానే ఉన్నట్టు. వేడిలోనే చప్పగా ఉంటే మిగిలిన పావూ పోసేయాలి.

విసనకర్ర సంగతికి కూడా ఒక వరుస ఉంది. ద్రవం గింజలోకి ఇంకాకే విసరాలి. ముందే విసిరితే అన్నం చల్లారి, ఇంకడం ఆగిపోతుంది. ఇంకాక విసిరితే గింజ మీది తడి ఆరి, పైన సన్నటి మెరుపు వస్తుంది. అన్నం ఒంటి వేడికి దిగాక తడిగుడ్డ కప్పి ఉంచుతారు. ఫ్రిజ్‌లో పెడితే గింజ గట్టిపడిపోతుంది.

ఆ గట్టిపడటాన్ని ఆలస్యం చేసేది చక్కెర. అది తీపి కోసమే అనుకుంటాం గానీ, నీటిని పట్టి ఉంచి అన్నాన్ని మెత్తగా నిలుపుతుంది కూడా. ఒసాకా వైపు సుషీ అన్నం తియ్యగా, టోక్యో వైపు ఉప్పగా, పుల్లగా ఉండటానికి ఇదొక కారణం. ఒసాకాలో పేరున్నది పెట్టెలో ఒత్తి చేసే సుషీ. దాన్ని కట్టుకెళ్లి కొన్ని గంటల తర్వాత తింటారు. టోక్యోది చేతిలో ఒత్తిన వెంటనే నోట్లో వేసుకునేది, దానికి ఆ అవసరం లేదు. 1804లో హందా అనే ఊళ్లో నకనో మతజయెమోన్ అనే సాకే తయారీదారు, సాకే వడకట్టగా మిగిలిన పిప్పితో వెనిగర్ చేయడం మొదలుపెట్టాడు. ఎర్రగా ఉండే ఆ వెనిగర్ అప్పట్లో ఎదో అని పిలిచే టోక్యోలోని సుషీ అంగళ్లకు ఓడల్లో వెళ్లేది. దానికి సహజంగానే కొంత తీపి, రుచి ఉన్నాయి. ఇప్పటి తెల్లటి బియ్యపు వెనిగర్‌కు అది తక్కువ, అందుకే గిన్నెలో చక్కెర డబ్బా తప్పనిసరి అయింది. ఎర్ర వెనిగర్ వాడే కొన్ని పాత పద్ధతి దుకాణాల్లో ఇప్పటికీ అన్నంలో చక్కెర వేయరు.

మన పండుగ వంటలో అన్నం గంటల తరబడి బల్ల మీద ఉంటుంది కాబట్టి చక్కెరను తగ్గించకుండా 120 గ్రాములూ వేయడమే మంచిది. చక్కెరకు భయపడి సగం చేసేవాళ్లు వెంటనే తినేటట్టయితేనే ఆ పని చేయాలి.

వెనిగర్ తగ్గించడం మాత్రం వేరే విషయం. గది వేడిలో వదిలేసిన మామూలు అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు, అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. సుషీ అన్నంలో దాన్ని అదుపు చేసేది పులుపే. అమెరికాలో సుషీ అన్నాన్ని ఫ్రిజ్ బయట ఉంచాలనుకునే హోటళ్లు దాని పీహెచ్ 4.6కు మించలేదని కొలిచి చూపించాలి. చాలాచోట్ల ఇంకా తక్కువ అంకె అడుగుతారు. కొలిచేది వెనిగర్‌ను కాదు, తయారైన అన్నాన్ని. దాన్ని కొంచెం డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా రుబ్బి మీటరు ముంచుతారు. మనం చెప్పుకున్న 8 శాతం ఆ గీతకు కింద ఉండటానికి ఉద్దేశించినదే, అయినా ఇంట్లో ఎవరూ మీటరు ముంచరు కాబట్టి అదే రోజు తినేయడం పద్ధతి. పిల్లలకు పులుపు ఎక్కువవుతుందని 300 మి.లీ.ని 150 చేస్తే నోటికి బాగానే ఉంటుంది, కానీ ఆ అన్నాన్ని మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉంచకూడదు. పులుపు తగ్గినట్టు అనిపించాలంటే వెనిగర్ అలాగే ఉంచి 20, 30 గ్రాముల చక్కెర పెంచవచ్చు. నాలుక మోసపోతుంది, పీహెచ్ మారదు.

బియ్యం గురించి ఒక్క మాట. ఈ కొలతలన్నీ జపానికా రకం పొట్టి గింజకు. సోనా మసూరితో చేస్తే రుచి వస్తుంది గానీ గింజలు అతుక్కోవు. చిరాషికి అది పెద్ద లోపం కాదు, చాప్‌స్టిక్‌లతో తినేవాళ్లకే ఇబ్బంది. ఆ బియ్యం నీళ్లను వేరేగా తాగుతుంది కనుక 2.2 రెట్ల లెక్క పనికిరాదు. వండిన అన్నాన్ని తూచి, మూడు శాతాలూ దాని మీదే వేసుకోవాలి.

రుచి చూశాక సుషిజులో కొంత మిగిలిపోతే పారేయనక్కర్లేదు. అన్నం తగలని సుషిజు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటుంది. సన్నగా తరిగి, ఉప్పు రాసి పిండిన కీరా ముక్కల మీద పోస్తే అదే రోజు పక్క వంటకం అవుతుంది. సీసా మీద మాత్రం అది 300, 120, 30 లెక్కన కలిపినదని రాసి పెట్టుకోండి. వచ్చేసారి రెండు గో బియ్యమే వండినా, 660 గ్రాముల అన్నానికి అందులోంచి 67 మి.లీ. పోస్తే చాలు.